సీల్ ఊడిన ప్రొటీన్ డబ్బా: కంప్లెయింట్ లెటర్ రాసిన నా అనుభవం

మూత తిప్పగానే తేడా తెలిసిపోయింది. కొత్త డబ్బా మూత తీస్తే కింద ఫాయిల్ డప్పు మీద తోలులా బిగిసి ఉండాలి. వేలితో నొక్కితే కాస్త లోపలికి వెళ్లి మళ్లీ పైకి రావాలి. నా చేతిలో ఉన్న డబ్బాకి ఫాయిల్ అయితే ఉంది గానీ, చుట్టూ ఉన్న అంచులో సుమారు పావు వంతు మేర పైకి లేచిపోయి ఉంది. ఆ సందులో చూపుడు వేలు సులువుగా దూరుతుంది. మూత లోపలి అట్ట మీద, డబ్బా మెడ దగ్గరి మరల మీద పౌడర్ అంటుకుని ఉంది.

నేను మూడేళ్లుగా జిమ్‌కి వెళ్తున్నాను. ఇదే కంపెనీ, ఇదే సైజు డబ్బా, కిలోది, ఇంతకుముందు చాలాసార్లు వాడాను. అమ్మినవాళ్లు మాత్రం కొత్త. ఒక ఆన్‌లైన్ సైట్‌లో సరుకు పెట్టుకుని అమ్మే సెల్లర్.

వెంటనే ఫోటో తీసి మా ట్రైనర్‌కి పంపాను. ఆయన ఫోన్ చేశాడు. "ఏం కాదక్కా, దారిలో కదిలి ఊడుంటుంది. పైన రెండు స్కూపులు తీసి పారేసి మిగతాది వాడేసెయ్, వాసన బాగుంటే చాలు" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు, జిమ్‌లో చాలామంది చేసేది కూడా అదే. కానీ నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. వే ప్రొటీన్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది. తేమ చేరితే గడ్డలు కడుతుంది, అది కంటికి కనిపిస్తుంది. నా భయం కంటికి కనిపించని దాని గురించి. ఆ సందులోంచి ఎవరైనా చెయ్యి పెట్టి ఉంటే, పౌడర్ కొంత తీసి ఉంటే, లేదా ఏదైనా కలిపి ఉంటే, అది వాసనలోనూ రుచిలోనూ తెలియాలని లేదు. పౌడర్‌లో పౌడర్ కలిస్తే పైన రెండు స్కూపులు తీసేసినంత మాత్రాన పోదు, డబ్బా కదిలినప్పుడల్లా అంతా కలిసిపోతుంది. అందుకే రుచి కూడా చూడలేదు. చూడకపోవడం తర్వాత లెటర్‌లోనూ ఉపయోగపడింది.

ఆ రాత్రి మొదటి లెటర్ రాశాను. "మీరు ఎవరో వాడి వెనక్కి పంపిన డబ్బాని మళ్లీ నాకు అంటగట్టారు. జనం ఆరోగ్యంతో ఆడుకుంటున్నారు" అని మొదలైంది. ఒక పేజీ అయింది. పంపే ముందు ఒకసారి చదివితే, అందులో నేను రుజువు చేయగలిగిన మాట ఒక్కటీ లేదు. ఎవరో వాడారని నాకెలా తెలుసు? వెనక్కి వచ్చిన సరుకని ఎలా తెలుసు? సెల్లర్ "ఇది మీ ఊహ" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే నా దగ్గర జవాబు లేదు. ఫాయిల్ లేచి ఉందన్న అసలు విషయం ఆ పేజీలో ఐదో పేరాలో ఎక్కడో ఉంది. ఆ లెటర్ పక్కన పెట్టేసి డబ్బాని మళ్లీ దీపం కింద పెట్టుకుని కూర్చున్నాను.

ఇంట్లో పాత ఖాళీ డబ్బా ఉంది. అదే కంపెనీ, అదే సైజు, కడిగి పప్పులు పోసుకోవడానికి ఉంచినది. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడటంతోనే నా లెటర్ మారిపోయింది.

ఈ డబ్బాలకి సీల్ వేసే పద్ధతి తెలిస్తే నేను చూసినదేమిటో అర్థమవుతుంది. మూత లోపలి గుండ్రటి బిళ్లలో పల్చటి అల్యూమినియం రేకు, దాని కింద ఇంకా పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటాయి. పౌడర్ నింపి మూత బిగించాక డబ్బాని ఒక కాయిల్ కింద నుంచి పంపిస్తారు. కాయిల్‌లోని విద్యుదయస్కాంత క్షేత్రం వల్ల రేకులో కరెంటు పుట్టి, ఏదీ తాకకుండానే అది వేడెక్కుతుంది. ఆ వేడికి ప్లాస్టిక్ పొర కరిగి డబ్బా అంచుకి అతుక్కుంటుంది. చల్లారితే అదే సీల్. వేడి చాలకపోయినా, మూత సరిగ్గా బిగియకపోయినా, అంచు మీద పౌడర్ పడి ఉన్నా ఆ చోట అతుక్కోదు. అంటే ఫాయిల్ లేచి ఉండటానికి రెండు దారులున్నాయి. ఫ్యాక్టరీలోనే ఆ చోట అసలు అంటుకోకపోవచ్చు, లేదా అంటుకున్నాక తర్వాత ఊడదీసి ఉండవచ్చు. మొదటిది తయారీలో లోపం, రెండోది పూర్తిగా వేరే కథ.

ఈ రెండిటికీ తేడా అంచు మీదే తెలిసింది. పాత డబ్బా ఫాయిల్ నేనే పీకాను. పీకిన చోట అంచు చుట్టూ సన్నటి తెల్లటి గీత మిగిలింది, గోటితో గీకితే పొరలా లేస్తుంది. అంటుకున్న పొర కొంత అంచు మీదే ఉండిపోయిందన్నమాట. అన్ని రకాల ఫాయిల్స్ ఇలా గుర్తు వదలవు, కొన్ని శుభ్రంగా ఊడి వచ్చేస్తాయి. ఈ కంపెనీ డబ్బా మాత్రం వదులుతుంది, అది నా చేతిలోనే ఉంది. ఇప్పుడు కొత్త డబ్బాలో ఫాయిల్ లేచి ఉన్న చోట చూశాను. అక్కడ అంచు నున్నగా మెరుస్తూ ఉండి ఉంటే అసలు అంటుకోలేదని అనుకునేదాన్ని. కానీ అక్కడా అదే తెల్లటి గీత ఉంది, మధ్యలో రెండు చోట్ల చిరిగినట్టు ఎగుడుదిగుడుగా ఉంది. అంటే ఒకప్పుడు అంటుకుంది, తర్వాత ఊడింది. ఫాయిల్ ఆ వైపు చిన్న మడత కూడా పడి ఉంది, వేళ్లతో పట్టి ఎత్తితే పడేలాంటి మడత.

ఇక్కడ ఒక్క మాట. ఇంత చూసినా ఎవరు ఊడదీశారో నాకు తెలియదు. గోదాములోనా, దారిలోనా, ముందు కొన్నవాళ్లా అన్నది ఆ గీత చెప్పదు. అది చెప్పేది ఒక్కటే, అంటుకున్న సీల్ నా దగ్గరికి రాకముందే ఊడింది. లెటర్‌లో కూడా అంతవరకే రాయాలని అప్పుడు నిర్ణయించుకున్నాను.

తర్వాత మూత చుట్టూ ఉండే ప్లాస్టిక్ పట్టీ గుర్తొచ్చింది. డబ్బా రాగానే కత్తిరించి చెత్తబుట్టలో పడేశాను. వెళ్లి తీసుకొచ్చాను. ఇది లేకపోతే సగం కేసు పోయేది. పాత డబ్బా పట్టీ ఇప్పుడు లేదు గానీ, పోయినసారి డబ్బా వచ్చినప్పుడు జిమ్ స్నేహితురాలికి పంపిన ఫోటో ఫోన్‌లో దొరికింది. అందులో పట్టీ మీద కంపెనీ పేరు అచ్చు వేసి ఉంది, చింపడానికి నిలువునా చుక్కల గీత ఉంది. చెత్తబుట్టలోంచి తీసినది మాత్రం ఏ అచ్చూ లేని తెల్లటి పారదర్శకమైన పట్టీ. చుక్కల గీత లేదు, అందుకే కత్తెర పెట్టాల్సి వచ్చింది. ఇలాంటి పట్టీలు వేడి గాలి తగిలిస్తే ముడుచుకుని బిగుసుకుంటాయి, దానికి ఫ్యాక్టరీయే కావాలని లేదు.

చివరగా తూకం. వంటింటి డిజిటల్ త్రాసు మీద ముందు పాత డబ్బా పెట్టాను. కడిగి బాగా ఆరినది, మూత, స్కూపుతో కలిపి 156 గ్రాములు. కొత్త డబ్బా మూత, స్కూపు, ఊడిన ఫాయిల్‌తో సహా 1,104 గ్రాములు. తీసేస్తే పౌడర్ 948 గ్రాములు. లేబుల్ మీద నికర బరువు 1,000 గ్రాములు. 52 గ్రాములు తక్కువ. స్కూపు 33 గ్రాములు కాబట్టి ఒకటిన్నర స్కూపుకి పైనే. త్రాసు సరిగ్గా ఉందో లేదో చూడటానికి పొట్లం విప్పని, బరువు ముద్రించిన ఒక ప్యాకెట్ పెట్టి చూశాను, కవరు బరువు పోను రెండు గ్రాముల తేడాలోనే ఉంది. నింపేటప్పుడు కొద్ది గ్రాములు అటూ ఇటూ అవుతాయి, మూతకి అంటిన పౌడర్ కూడా ఇందులోనే లెక్కలోకి వచ్చింది. 52 అంటే అలాంటి తేడా కాదు. అయినా ఇది నా ఇంటి త్రాసే, అందుకే లెటర్‌లో దీన్ని ముందు పెట్టలేదు.

మర్నాడు ఉదయం సైట్‌లో రిటర్న్ తెరిచాను. అక్కడ కారణం ఎంచుకోమంటుంది. ఈ చిన్న మెనూ దగ్గరే చాలామంది దెబ్బతింటారని నా నమ్మకం. తొందరలో "ఇక అవసరం లేదు" నొక్కితే, మూత తెరిచిన తినే వస్తువు వెనక్కి తీసుకోం అని నిబంధన చూపించి అక్కడే ఆపేస్తారు. "వస్తువు పాడై వచ్చింది" అన్నదే సరైనది. కింద ఇచ్చిన పెట్టెలో రెండు లైన్లకి మించి పట్టదు, అందుకని రెండు లైన్లు రాసి, అసలు లెటర్‌ని సెల్లర్‌కి మెసేజ్‌గానూ, సైట్ కస్టమర్ కేర్ ఈమెయిల్‌కి కూడా ఒకేసారి పంపాను. చాట్‌లో మాట్లాడితే త్వరగా తేలుతుందేమో గానీ, తర్వాత ఆ మాటలు మన దగ్గర మిగలకపోవచ్చు. ఈమెయిల్ ఉంటుంది.

రాత్రి రాసినదాంట్లో ఒక్క వాక్యం కూడా మిగల్లేదు. పంపిన లెటర్ ఇది, నంబర్లు మాత్రం తీసేశాను:

"సెల్లర్ గారికి, కస్టమర్ కేర్ వారికి,

పైన రాసిన ఆర్డర్ నంబర్‌తో నేను కొన్న కిలో వే ప్రొటీన్ డబ్బా 4వ తేదీ సాయంత్రం 6:40కి నాకు అందింది. అట్టపెట్టె ఎక్కడా నలగలేదు, తడవలేదు. 6:50కి మూత తీసేసరికి లోపలి ఫాయిల్ సీల్ అంచులో సుమారు పావు వంతు ఊడి ఉంది. మూత లోపల, మరల మీద పౌడర్ ఉంది. వెంటనే తీసిన ఫోటోలు జత చేశాను. డబ్బాలోంచి పౌడర్ ఏమీ తీయలేదు, రుచి చూడలేదు.

ఊడిన చోట డబ్బా అంచు మీద సీల్ అంటుకున్న గుర్తు ఉంది (ఫోటో 3). నేను ఇంతకుముందు సీల్ పీకిన ఇదే రకం డబ్బా అంచు పోలికకి పెట్టాను (ఫోటో 4). దీన్నిబట్టి సీల్ ఒకసారి అంటుకుని, డబ్బా నాకు అందే లోపు ఊడిందని నాకు అనిపిస్తోంది. అది ఎక్కడ, ఎవరి వల్ల జరిగిందో నాకు తెలియదు, ఎవరి మీదా నేరం మోపడం లేదు. మూత చుట్టూ ఉన్న పట్టీ మీద కంపెనీ అచ్చు లేదు. పోయినసారి నాకు వచ్చిన డబ్బాకి అచ్చు ఉంది (ఫోటో 5, 6). ఇంట్లో తూచితే పౌడర్ 948 గ్రాములు వచ్చింది, లేబుల్ మీద 1,000 ఉంది.

సీల్ ఊడిన ఆహార పదార్థాన్ని నేను వాడలేను. నాకు పూర్తి డబ్బు వెనక్కి కావాలి, మార్పిడి వద్దు. డబ్బా, పట్టీ, అట్టపెట్టె అన్నీ ఉంచాను, మీ ఖర్చుతో తీసుకెళ్లవచ్చు. 11వ తేదీ లోపు జవాబు ఇవ్వగలరు. రాకపోతే నా కార్డు బ్యాంకులో ఈ చెల్లింపు మీద అభ్యంతరం నమోదు చేస్తాను. డబ్బా బ్యాచ్ నంబర్, తయారీ తేదీ పైన ఉన్నాయి. వాటిని తయారీ కంపెనీకి కూడా పంపుతున్నాను."

మార్పిడి వద్దని ఎందుకన్నానో చెప్పాలి. పట్టీ అచ్చు లేకుండా వచ్చిందంటే ఆ సెల్లర్ దగ్గరి మిగతా డబ్బాల మీద కూడా నాకు నమ్మకం పోయింది. అదే అరలోంచి ఇంకో డబ్బా వస్తే మళ్లీ ఇదే తంతు. లెటర్‌లో "తగిన చర్య తీసుకోండి" అని వదిలేసి ఉంటే వాళ్లు తప్పకుండా మార్పిడే పంపేవాళ్లు, ఎందుకంటే వాళ్లకి అదే చవక.

రెండో రోజు సెల్లర్ జవాబు వచ్చింది. మూడు ముక్కలు. మొదటిది, అన్‌బాక్సింగ్ వీడియో పంపండి. రెండోది, విమానంలో గాలి ఒత్తిడి మారి సీల్స్ ఒక్కోసారి తెరుచుకుంటాయి, సరుకుకి ఏమీ కాదు. మూడోది, మీకు ఇబ్బంది కలిగినందుకు డబ్బులో పదిహేను శాతం వెనక్కి ఇస్తాం, వాడుకోండి.

వీడియో నా దగ్గర లేదు, తీయలేదని అలాగే ఒప్పుకున్నాను. లేనిదాన్ని ఉన్నట్టు రాస్తే మిగతా మాటల మీద కూడా నమ్మకం పోతుంది. దాని బదులు డబ్బా అందిందని వాళ్ల సైట్‌లోనే నమోదైన సమయం, నా మొదటి ఫోటో ఫైల్‌లో ఉన్న సమయం పక్కపక్కన పెట్టాను. మధ్యలో పద్నాలుగు నిమిషాలు. ఒత్తిడి మాటలో కొంత నిజం ఉంది, పైకి వెళ్తే లోపలి గాలి వ్యాకోచించి ఫాయిల్ ఉబ్బుతుంది, బలహీనంగా ఉన్న చోట వదలవచ్చు. కానీ ఒత్తిడికి వదిలిన ఫాయిల్ వేళ్లతో పట్టుకున్నట్టు మడత పడదు, పట్టీ మీది కంపెనీ అచ్చు చెరిగిపోదు. ఆ రెండు వాక్యాలే రాశాను. పదిహేను శాతానికి స్పష్టంగా "వద్దు" అని రాశాను. మౌనంగా ఉండగా ఆ డబ్బు ఖాతాలో పడితే, విషయం తేలిపోయిందని కేసు మూసేస్తారన్నది నా భయం.

ఈలోగా తయారీ కంపెనీ నుంచి ఈమెయిల్ వచ్చింది. చిన్నదే. ఆ బ్యాచ్ నంబర్ తమదేనని, ఆ సైజు డబ్బాలు తమ దగ్గర నుంచి అచ్చు వేసిన పట్టీతోనే బయటికి వెళ్తాయని, ఈ సెల్లర్ తమ అధికారిక పంపిణీదారుల జాబితాలో లేడని, డబ్బా వాడవద్దని రాశారు. ఆ నాలుగు వాక్యాలు చదివినప్పుడు ఒళ్లు జలదరించింది. డబ్బా అసలుదే, పట్టీ మాత్రం వేరే ఎక్కడో వేసినది. ట్రైనర్ మాట విని ఉంటే ఆ పాటికి నాలుగైదు స్కూపులు తాగేసి ఉండేదాన్ని. ఆ ఈమెయిల్‌ని ఒక్క మాట కలపకుండా అలాగే సైట్ కస్టమర్ కేర్‌కి పంపాను.

10వ తేదీన సైట్ వాళ్లే పూర్తి డబ్బు వెనక్కి వేశారు. సెల్లర్ నుంచి మళ్లీ మాట లేదు. బ్యాంకు దాకా వెళ్లే అవసరం రాలేదు.

డబ్బా తీసుకెళ్లడానికి మర్నాడు మనిషి వస్తాడని మెసేజ్ వచ్చింది. అప్పుడు నాకు కొత్త దిగులు పట్టుకుంది. ఈ డబ్బా వెనక్కి వెళ్లి, ఇంకో తెల్ల పట్టీ వేయించుకుని, ఇంకెవరి ఇంటికో వెళ్తే? కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, డబ్బా మీద రాయడం వల్ల నా రిటర్న్‌కి ఇబ్బంది లేదు కదా అని అడిగాను. "పర్వాలేదండీ, రాసుకోండి" అన్నారు. ఆ అమ్మాయి పేరు, ఫోన్ చేసిన సమయం నోట్ చేసుకున్నాను. తర్వాత చెరగని నల్ల మార్కర్ తీసుకుని లేబుల్ మీద అడ్డంగా, మూత మీద, డబ్బా అడుగున మూడు చోట్లా పెద్ద అక్షరాలతో రాశాను: "సీల్ ఊడి వచ్చింది. అమ్మకూడదు." ఆరాక ఫోటో తీసి, అట్టపెట్టెలో పెట్టి టేపు వేశాను.

ఆ సాయంత్రం జిమ్‌లో ట్రైనర్ ఫోటోలన్నీ మళ్లీ అడిగి చూశాడు. అంచు మీది గీత ఫోటోని వేళ్లతో పెద్దది చేసుకుని చాలాసేపు చూసి, తన బ్యాగులోంచి పోయిన వారం కొన్న డబ్బా తీసి మూత తిప్పడం మొదలుపెట్టాడు.